సోఫా కిందికి ఏ కార్పెట్, మంచం పక్కకు ఏది: తిరుపతిలో ఒక ఫ్లాట్‌కు వేసిన లెక్క

తిరుపతిలో షాపుకెళ్లి "రగ్గు కావాలి" అంటే కప్పుకునే రగ్గులు తీసి ముందు పెడతారు. ఆన్‌లైన్‌లో ‘ఏరియా రగ్’ అని పెట్టి అమ్మేదాన్ని మనం కార్పెట్ అంటాం. పెద్దవాళ్లకు అది తివాచీ. పైకి పోగులు లేవకుండా పలచగా నేసిన నూలుదైతే జంపఖానా. ఇక్కడ నేను అన్నిటినీ కలిపి కార్పెట్ అనే అంటాను. గోడ నుంచి గోడ దాకా అతికించే రకం కాదు, సోఫా కిందో మంచం కిందో పరుచుకుని, కావాలంటే చుట్టి పక్కన పెట్టుకునే విడి కార్పెట్ గురించి చెబుతున్నాను.

మా అక్క వాళ్లు పోయిన ఏడాది బైరాగిపట్టెడలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లోకి మారారు. గృహప్రవేశానికి నేనే ఒక కార్పెట్ కొనిచ్చాను. 4×6 అడుగులు, బూడిద రంగు, చెయ్యి పెడితే వేళ్లు మునిగిపోయేంత పొడవు పోగులు. ఫోటోలో చాలా బాగుంది. హాల్లో పరిచాక తప్పు ఎక్కడుందో కనిపించింది. సోఫా ఏడడుగులు, కార్పెట్ ఆరడుగులు. ఎటు జరిపినా అది సోఫాకు సంబంధం లేనట్టు విడిగా కనిపించింది. మీద టీపాయ్ పెడితే ఇక మిగిలింది కొద్దిపాటి అంచే. నెల తిరక్కముందే పోగుల్లో వేరుశనగ పొట్టు, తల వెంట్రుకలు, అగరొత్తి బూడిద చేరాయి. పొరకతో ఊడిస్తే బయటికి రాలేదు, ఇంకా లోపలికి పోయాయి.

దాన్ని తీసేసి, ఈసారి టేపు పట్టుకుని మొదలుపెట్టాం. రంగు, డిజైన్ ఆఖరికి వదిలేశాం. ముందు చూసింది ఒకటే: సోఫా కాళ్లు, మంచం కాళ్లు కార్పెట్ మీద ఎక్కడ పడతాయి? సైజు, పోగుల ఎత్తు, దేనితో నేసిందో అన్న మూడూ దాన్నిబట్టే తేలాయి.

హాలు: సోఫా ముందు కాళ్లు ఎక్కాలి

షాపుల్లో మామూలుగా దొరికే సైజులు 4×6, 5×8, 6×9, 8×10 అడుగులు. 4×6కూ 5×8కూ తేడా వినడానికి చిన్నదే అనిపిస్తుంది. చదరపు అడుగుల్లో చూస్తే 24 కాస్తా 40 అవుతుంది, రేటు కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. అందుకే చాలామంది 4×6 దగ్గర ఆగిపోతారు. మూడు సీట్ల సోఫా ఉన్న ఇంటికి నా దృష్టిలో అది సరిపోదు. ఒంటి కుర్చీ ముందో, పూజగది ముందో, చదువుకునే బల్ల కిందో అయితే బాగుంటుంది.

సోఫా దగ్గర కార్పెట్ వేసే పద్ధతులు మూడు. ఒకటి, సోఫాను తాకకుండా టీపాయ్ కింద మాత్రమే. రెండు, సోఫా ముందు కాళ్లు కార్పెట్ మీద, వెనక కాళ్లు టైల్స్ మీద. మూడు, నాలుగు కాళ్లూ కార్పెట్ మీదే. మొదటి పద్ధతిలో కార్పెట్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. నున్నటి టైల్స్ మీద రోజూ జరుగుతుంది, పిల్లలు పరిగెత్తితే ముడుచుకుంటుంది. మూడోది పెద్ద హాళ్లకు అందం. కానీ సోఫా గోడకు ఆనించి ఉండే మన ఇళ్లలో రెండడుగులకు పైగా కార్పెట్ సోఫా కింద ఎవరికీ కనిపించకుండా పోతుంది, ఊడ్చాలంటే సోఫా జరపాల్సి వస్తుంది. అందుకని మధ్య పద్ధతే ఎంచుకున్నాం. సోఫా బరువు ఒక అంచును పట్టేస్తుంది, మిగతాదంతా కాళ్లకు పనికొస్తుంది.

ఇప్పుడు అక్క వాళ్ల హాలు. సోఫా గోడకూ, ఎదురుగా టీవీ గోడకూ మధ్య 11 అడుగులు, అంటే 132 అంగుళాలు. సోఫా లోతు 34, టీవీ యూనిట్ లోతు 16. ఆ రెండూ పోగా మధ్యలో 82 అంగుళాలు. సోఫా పొడవు 84.

ముందు పొడవు చూడాలి. కార్పెట్ సోఫాకన్నా రెండు పక్కలా ఆరేసి అంగుళాలైనా బయటికి రావాలి, లేకపోతే సోఫా కార్పెట్ మీద నుంచి జారిపోతున్నట్టు కనిపిస్తుంది. 5×8లో పొడవు 96 అంగుళాలు కాబట్టి సరిగ్గా ఆరు, ఆరు వస్తుంది. 6×9 అయితే పన్నెండు, పన్నెండు. పొడవు వరకు రెండూ పాసే.

తర్వాత వెడల్పు. సోఫా ముందు కాళ్లు గట్టిగా కూర్చోవాలంటే పది అంగుళాల కార్పెట్ సోఫా కిందికి వెళ్లాలి. 5×8 వేస్తే 60లో పది పోగా 50 అంగుళాలు బయటికి వస్తుంది. 82లో 50 పోతే టీవీ వైపు 32 అంగుళాల టైల్ మిగులుతుంది. 6×9 వేస్తే బయటికి 62 వస్తుంది, మిగిలేది 20 మాత్రమే. వీధి తలుపు నుంచి బెడ్‌రూమ్‌కు వెళ్లే దారి వాళ్ల హాల్లో టీవీ ముందు నుంచే. 20 అంగుళాల సందులో నడిచే మనిషికి ఒక అడుగు టైల్ మీద, ఒక అడుగు కార్పెట్ అంచు మీద పడుతుంది. అంచు ముందు అక్కడే అరుగుతుంది, కాలు తట్టుకునేదీ అక్కడే. 32 ఉంటే కార్పెట్ తొక్కకుండా హాయిగా నడవచ్చు. కాబట్టి ఆ హాలుకు 5×8. అదే హాలు పన్నెండున్నర అడుగులు ఉండి ఉంటే నేను 6×9కే ఓటు వేసేవాణ్ణి.

ఒక జాగ్రత్త. 5×8 అని చెప్పి అమ్మేవాటిలో చాలావాటి అసలు కొలత 160×230 సెంటీమీటర్లు. 230 సెంటీమీటర్లంటే ఏడున్నర అడుగులు. ఏడడుగుల సోఫాకు రెండు పక్కలా మూడేసి అంగుళాలే మిగులుతాయి. మా అక్క కోసం చూసిన మొదటి రెండూ ఇలాంటివే. అడుగుల పేరు వదిలేసి సెంటీమీటర్లు చదవండి. 240 ఉంటేనే దాదాపు ఎనిమిదడుగులు అయినట్టు.

కొనేముందు ఇంట్లోనే సరిచూసుకోవడానికి దుప్పటి చాలు. సింగిల్ దుప్పటి మామూలుగా 60×90 అంగుళాలు ఉంటుంది, అంటే ఆ 160×230 కార్పెట్‌కు దాదాపు సమానం. పెద్ద సైజులకు డబుల్ దుప్పటిని కొలతకు మడవండి. సోఫా ముందు కాళ్ల కింద పది అంగుళాలు పెట్టి పరిచి, రెండు రోజులు అలాగే ఉంచండి. ఎవరు ఎటు నడుస్తున్నారో, తలుపు దేనికి తగులుతోందో, టీపాయ్ ఎక్కడికి జరుగుతోందో తెలిసిపోతుంది. మా లెక్కలో 6×9 వద్దని తేల్చింది టేపు కాదు, దుప్పటి. మా బావ మొదటి రాత్రే దాని అంచు తొక్కి మడత పెట్టేశారు.

ఎల్ ఆకారం సోఫా ఉంటే కార్పెట్ మూల సోఫా లోపలి మూలలోకి వెళ్లాలి, రెండు వైపులా ముందు కాళ్లు ఎక్కాలి. దానికి 5×8 చిన్నదవుతుంది, 6×9 నుంచి చూడండి.

పోగులు ఎంత ఎత్తు?

పైల్ అంటే కార్పెట్ మీద నిలబడి ఉండే పోగుల ఎత్తు. జంపఖానాలాంటి అల్లికలో పోగులే ఉండవు. ఆరేడు మిల్లీమీటర్ల దాకా పొట్టి పైల్, పన్నెండు దాటితే ఎత్తు పైల్, రెండున్నర సెంటీమీటర్లు దాటినవి నేను మొదట కొన్న షాగ్ రకం.

మెత్తదనం చూసి ఎత్తు పైల్ కొనాలనిపిస్తుంది. ఏసీ వేసుకుని, వారానికి రెండుసార్లు వాక్యూమ్ పట్టే ఇంటికి అది తగినదే. మన ఇళ్లలో మాత్రం రోజూ పొరక, ఆ వెంటనే తడిగుడ్డ. తడిగుడ్డ పట్టేవాళ్లు కార్పెట్ చుట్టూ తుడిచి వదిలేస్తారు, ఫినాయిల్ నీళ్లు రోజూ అంచుకు తగులుతాయి. కొన్నాళ్లకు అంచు గట్టిపడుతుంది, తెల్ల కుచ్చులు పసుపురంగుకు తిరుగుతాయి. దీనికి మంచి మార్గం తడిగుడ్డకు ముందు కార్పెట్‌ను సోఫా కాళ్ల దాకా చాపలా చుట్టేయడం. కింద టైల్ ఆరాక మళ్లీ పరిచేయాలి. ముందు కాళ్ల పద్ధతిలో ఇది అర నిమిషం పని. అయితే పొట్టి పైల్‌కే ఇది కుదురుతుంది. షాగ్ చుట్టడం ఒక మనిషికి కష్టం.

రెండో కారణం సోఫా వంపు. ముందు కాళ్లు పోగుల మీద, వెనక కాళ్లు టైల్ మీద ఉంటే ఆ తేడా సోఫాకు తెలుస్తుంది. ఆరు మిల్లీమీటర్లకు ఏమీ కాదు, బరువుకు పోగులు అణిగి సమానమవుతాయి. షాగ్ మీద మాత్రం సోఫా కాస్త వెనక్కి వాలుతుంది, కదిలినప్పుడల్లా చట్రం కిర్రుమంటుంది. టేకు సోఫాల సన్నటి కాళ్లయితే ఎత్తు పైల్‌లో లోతుగా గుంటలు పడతాయి. ఆ గుంటలు ఉన్నిలో అయితే పోతాయి: గుంటలో ఐసు ముక్క పెట్టి కరగనిచ్చి, తడి అద్ది, చెంచా అంచుతో పోగుల్ని పైకి లేపాలి. ప్లాస్టిక్ నారలో గుంట ఒకసారి పడితే పూర్తిగా లేవదు.

మూడోది తలుపు. కార్పెట్ అంచు తలుపు తిరిగే జాగాలోకి వస్తే, తలుపు కింద సందు ఎంతో చూడండి. అట్టపెట్టె ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి తలుపు కిందికి తోయండి. ఎన్ని ముక్కలు రాపిడి లేకుండా దూరితే అంత మందం దాకా మీకు వీలుంటుంది. కార్పెట్ కింద వేసే జారకుండా పట్టే మ్యాట్ మందం కూడా ఇందులో కలపాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

దేనితో నేసింది: తిరుపతి హాలుకు ఇది మామూలు ప్రశ్న కాదు

ఈ ఊళ్లో ఇల్లు ఉందంటే దర్శనానికి వచ్చే చుట్టాలు ఉంటారు. అలిపిరి మెట్లెక్కి దిగివచ్చిన కాళ్లతో హాల్లోకి వస్తారు. గుండు చేయించుకున్నవాళ్ల తలమీద చందనం ఇంకా పచ్చిగానే ఉంటుంది. లడ్డూ సంచి కార్పెట్ మీదే దించి అక్కడే పంచుతారు. రాత్రికి టీపాయ్ పక్కకు లాగి ఇద్దరు ఆ కార్పెట్ మీదే దుప్పటి వేసుకుని పడుకుంటారు. కార్పెట్ ఇవన్నీ తట్టుకోవాలి. ఆ కళ్లతోనే ఒక్కొక్కటీ చూశాం.

పాలీప్రొపిలీన్ మరలో నేసే ప్లాస్టిక్ నార, ఎక్కువగా దొరికేది ఇదే. నీళ్లు పీల్చదు, రంగు నారలోనే కలిసి ఉంటుంది కాబట్టి కాఫీ, కుంకుమ, పసుపు త్వరగా అంటవు. దీని బలహీనత నెయ్యి, నూనె. నూనె ఈ నారను పట్టుకుంటుంది, దానిమీద దుమ్ము చేరి నల్లబడుతుంది. లడ్డూ నెయ్యి పడితే రుద్దకండి. ముక్కలు ఎత్తేసి, మైదానో టాల్కమ్ పౌడరో దట్టంగా చల్లి గంటసేపు వదిలేయండి. అది నెయ్యిని పీల్చాక బ్రష్‌తో దులిపి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, అందులో తడిపిన గుడ్డతో అద్దండి. రెండో బలహీనత వేడి. అగరొత్తి నిప్పు పడితే ఆ చోట కరిగి గట్టి చుక్కలా మిగిలిపోతుంది.

ఉన్ని మంచి సరుకు, సందేహం లేదు. తొక్కినా పోగులు లేస్తాయి, నిప్పు పడితే మాడుతుంది తప్ప మంట పాకదు, ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వల్ల పడిన నీళ్లు కాసేపు పైనే నిలుస్తాయి. మొదటి కొన్ని నెలలు నూగు రాలుతుంది, అది లోపం కాదు. కానీ సోఫా కిందికీ మంచం కిందికీ వేసేటప్పుడు ఉన్నితో ఒక చిక్కుంది. ఉన్నిని తినే చిమ్మెట పురుగులకు చీకటి, కదలిక లేని చోటు కావాలి. కార్పెట్‌లో మనం నడిచే భాగం జోలికి అవి రావు, సోఫా కింద ఉండే ఆ పది అంగుళాల్లోనే గుడ్లు పెడతాయి. పైనుంచి చూస్తే కార్పెట్ కొత్తదిలాగే ఉంటుంది, ఏడాది తర్వాత సోఫా జరిపితే అక్కడ పోగులు మాయమై అడుగు అల్లిక కనిపిస్తుంది. ఉన్ని కొంటే నెలకోసారి సోఫా ఎత్తి ఆ భాగాన్ని రెండు వైపులా దులపాలి, ఆరు నెలలకోసారి కార్పెట్‌ను తిప్పి వేయాలి. అంత ఓపిక ఉంటేనే కొనండి.

నూలు జంపఖానా చవక, చలవ, చుట్టడం తేలిక. చందనం పడితే ఎండనిచ్చి దులిపితే చాలావరకు పోతుంది. పసుపు అంటితే ఉతికాక ఎర్రటి ఎండలో వేయండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కార్పెట్ రంగు కూడా కాస్త వెలుస్తుందని గుర్తుంచుకుని, మరక పోగానే తీసేయండి. ఇబ్బంది ఏమిటంటే తేలికగా ఉండటం వల్ల జారుతుంది, ముడతలు పడుతుంది. సోఫా కాళ్లు ఎక్కించి, కింద మ్యాట్ వేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు, తమిళనాడు భవానీ జముక్కాళం రెండూ ఈ కోవలోవే.

జనపనార కార్పెట్లు ఫోటోల్లో బాగుంటాయి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఇంట్లో ఆరేసిన బట్టలే ఆరవు. జనుము తేమ పీల్చి వాసన వేస్తుంది, నీళ్లు పడిన చోట గోధుమరంగు మరక మిగులుతుంది. పైగా గరుకు, దానిమీద చుట్టాలు పడుకోలేరు. వద్దనుకున్నాం. విస్కోస్‌నైతే దగ్గరికే రానివ్వలేదు. దాన్ని ఆర్ట్ సిల్క్, బాంబూ సిల్క్ అనే పేర్లతో అమ్ముతారు, పట్టులా మెరుస్తుంది. మామూలు మంచినీళ్లు పడినా పోగులు అణిగి మచ్చలా ఉండిపోతుంది.

అక్క హాలుకు చివరికి పొట్టి పైల్ పాలీప్రొపిలీన్, 150×240 సెంటీమీటర్లు, ముదురు ఇటుక రంగు మీద చిన్న డిజైన్. ఏడాదంతా చుట్టాలు రాని ఇల్లయితే నేను జంపఖానాయే చెప్పేవాణ్ణి.

షాపులో లేబుల్ లేనప్పుడు దేనితో నేసిందో ఎలా తెలుసుకోవాలి? అంచు నుంచి ఒక్క పోగు అడిగి తీసుకుని, బయటికొచ్చి అగ్గిపుల్లతో అంటించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. ప్లాస్టిక్ నార కరిగి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. నూలు, విస్కోస్ రెండూ కాగితం కాలినట్టు కాలతాయి. మెరుపు ఉండి కాగితం వాసన వస్తే అది పట్టు కాదు, విస్కోస్.

ఇంకొకటి, కార్పెట్ తిరగేసి వెనక చూడండి. వెనక కూడా డిజైన్ ముడులతో స్పష్టంగా కనిపిస్తే చేత్తో ముడులు వేసింది. వెనకంతా గుడ్డ అతికించి ఉంటే అది హ్యాండ్ టఫ్టెడ్ అయి ఉంటుంది: పోగుల్ని గుడ్డలోకి గుచ్చి లేటెక్స్ జిగురుతో పట్టించి, పైన ఇంకో గుడ్డ వేస్తారు. ‘చేతితో చేసింది’ అనే మాట రెండింటికీ వాడతారు, కానీ మన్నిక వేరు. ఆ జిగురు కొన్నేళ్లకు, వేడి ఊళ్లలో ఇంకా ముందే, ఎండి పొడి అవుతుంది. కార్పెట్ ఎత్తితే టైల్ మీద సన్నటి ఇసుకలాంటి పొడి కనిపిస్తుంది. ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్లీ వస్తుంది, దానికి రిపేరు లేదు.

బెడ్‌రూము: ముందు మంచం అడుగు చూడండి

ఇక్కడ మేం అనుకున్నది ఒకటి, చేసింది ఒకటి. గది 10×12 అడుగులు. తలవైపు గోడ పదడుగులది, క్వీన్ సైజు మంచం చట్రంతో కలిపి 66 అంగుళాల వెడల్పు, 84 పొడవు. మధ్యలో వేస్తే రెండు పక్కలా 27 అంగుళాల చొప్పున ఉంటుంది.

మామూలు సలహా ఏమిటంటే, మంచం కింది మూడింట రెండు వంతుల కింద పెద్ద కార్పెట్ అడ్డంగా వేయమని. తలవైపు చిన్న బల్లలు టైల్ మీదే ఉంటాయి, కార్పెట్ వాటికి కాస్త ముందు మొదలై, పక్కలకూ కాళ్లవైపుకూ బయటికి వస్తుంది. లెక్క కూడా కుదిరింది. 6×9 అడ్డంగా వేస్తే పక్కలకు 21 అంగుళాలు వస్తుంది, దిగగానే రెండు పాదాలూ హాయిగా పడతాయి. కాళ్లవైపు ఒక అడుగు బయటికి వదిలితే 60 అంగుళాలు మంచం కింద ఉంటుంది, తలగోడ నుంచి రెండడుగుల తర్వాత మొదలవుతుంది. మంచానికీ వార్డ్‌రోబ్‌కూ మధ్య 36 అంగుళాల దారిలో 24 ఖాళీ, వార్డ్‌రోబ్ తలుపులు తెరుచుకోవడానికి సరిపోతుంది.

అప్పుడు అక్క అడిగింది: "మరి మంచం కింద ఎంత పోతుందిరా?"

66 ఇంటూ 60 వేస్తే ఇరవై ఏడున్నర చదరపు అడుగులు. మొత్తం కార్పెటే 54. అంటే సగం డబ్బు మంచం కింద చీకట్లోకి పోతోంది. నాలుగు కాళ్ల మంచమైతే, కిందికి పొరక దూరుతుంది, గాలి ఆడుతుంది, ఆ సగం కార్పెట్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. అలాంటి మంచానికి నేను ఇప్పటికీ ఈ పద్ధతే చెబుతాను. కానీ వాళ్లది స్టోరేజ్ మంచం. చుట్టూ పలకలు నేల దాకా దిగి ఉంటాయి, లోపల పరుపులు, పాత దుప్పట్లు, పట్టుచీరల పెట్టె. దాన్ని ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేరు. కింద ఒకసారి కార్పెట్ వేస్తే ఇల్లు మారేదాకా తీయలేం. తడిగుడ్డ నీళ్లు పలక అంచున కార్పెట్‌లోకి దిగితే ఆరే దారి లేదు. ఇక పక్కకు లాగే డ్రాయర్లు ఉన్న మంచమైతే డ్రాయర్ అడుగు కార్పెట్‌ను రాసుకుంటూ లాగేస్తుంది. డ్రాయర్ కింద సందు కొలవకుండా ఆ మంచం పక్కన ఏదీ పరవకండి.

అందుకని ఒకే పెద్దది మానేసి, మంచానికి రెండు పక్కలా పొడవాటి సన్న కార్పెట్లు, రన్నర్లు అంటారు, 2×6వి రెండు తీసుకున్నాం. 27 అంగుళాల జాగాలో 24 అంగుళాలవి సరిపోయాయి. రెండూ కలిపి 24 చదరపు అడుగులే, అంటే 6×9లో సగం కూడా కాదు, అయినా అంగుళం అంగుళం కాళ్ల కింద ఉపయోగపడుతోంది. ఆదివారం రెండూ తీసి మేడ మీద పిట్టగోడకు వేసి దులపవచ్చు. చుట్టాల తాకిడి లేని గది కాబట్టి నూలు జంపఖానా రకమే తీసుకున్నాం, పొద్దున్నే పాదాలకు చల్లగా మెత్తగా ఉంటుంది. మంచం ఒక గోడకు ఆనించి ఉంటే ఒక్క రన్నర్ చాలు.

రన్నర్‌కు ఉన్న లోపం పట్టి ఉంచే బరువు లేకపోవడం. వీటి కింద జారకుండా పట్టే మ్యాట్ తప్పనిసరి, హాల్లో దానికన్నా ఇక్కడే ఎక్కువ. మ్యాట్‌ను కార్పెట్‌కన్నా ప్రతి వైపూ ఒక అంగుళం తక్కువగా కత్తిరించండి, లేకపోతే అంచు పైకి లేచినట్టు ఉంటుంది. చవకగా వచ్చే వలలాంటి పీవీసీ మ్యాట్ ఎండాకాలం వేడికి జిగటగా మారి టైల్‌కు అంటుకుంటుంది. సహజ రబ్బరుదో, ఫెల్ట్ కింద రబ్బరు వేసినదో తీసుకోండి. వేశాక ఒక కాలితో తోసి చూడండి, కదిలితే అది పనికిరాదు.

రెండో బెడ్‌రూము అమ్మది. అక్కడా ఒక రన్నర్ వేద్దామని తెచ్చాం, మ్యాట్ కూడా కత్తిరించాం. కానీ అమ్మ రాత్రి రెండుసార్లు లేచి లైటు వేయకుండా గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కు వెళ్తుంది. ఎలాగూ తడి కాళ్లతోనే తిరిగి వస్తుంది. ఆమె పాదం నేల మీద నుంచి పూర్తిగా లేవదు, కాస్త ఈడుస్తూ నడుస్తుంది. అలాంటి పాదానికి అయిదు మిల్లీమీటర్ల అంచు కూడా గడపే. ఆ రన్నర్‌ను చుట్టి బీరువా మీద పెట్టేశాం. అమ్మ దిగే వైపు నేల ఖాళీగానే ఉంది.